వాయిస్‌మెయిల్ సారాంశం, తిరిగి ఫోను చేయాల్సిన నంబరు: తరచుగా అడిగే ప్రశ్నలు

వాయిస్‌మెయిల్ పెట్టెలో చేరిన సందేశాలను ఒక్కొక్కటిగా వినే బదులు, విషయం రెండు వాక్యాల్లోనూ తిరిగి ఫోను చేయాల్సిన నంబరు దాని పక్కనా కావాలనుకునేవారి కోసం ఈ పేజీ. సారాంశంలో ఒక మాట అటూ ఇటూ అయినా పని నడుస్తుంది. నంబరులో ఒక్క అంకె మారితే మాత్రం ఫోను ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర మోగుతుంది, మన ఫోను కోసం కూర్చున్న మనిషి అలాగే కూర్చుంటారు. నేను మొదట కట్టిన ఏర్పాటులో ఇదే జరిగింది. ఒకరు నాలుగు రోజులు ఎదురుచూశారు, మేమేమో సంబంధం లేని మరొకరికి మూడుసార్లు ఫోను చేశాం. అందుకే ఇక్కడ సగానికి పైగా చోటు నంబరుకే ఇచ్చాను.

పని మొత్తం ఏ వరుసలో జరుగుతుంది?

ముందు ఆడియో ఫైలు, ఫోను వచ్చిన నంబరు, సందేశం నిడివి చేతికి రావాలి. తర్వాత స్పీచ్ ఇంజిన్ ఆ మాటలను అక్షరాల్లోకి మారుస్తుంది. ఆ ట్రాన్స్‌క్రిప్టు మీద రెండు పనులు వేర్వేరుగా నడవాలి: ఒకటి అంకెలను ఏరి నంబరుగా కూర్చడం, రెండోది సారాంశం రాయడం. చివర్లో రెండింటినీ ఒక చీటీలో పక్కపక్కన పెట్టి ఈమెయిలుగానో సంక్షిప్త సందేశంగానో పంపుతాం. ఆ రెండు పనులను ఎందుకు కలపకూడదో కింద చెబుతాను, ఎక్కువమంది పొరబడేది అక్కడే.

స్పీచ్ ఇంజిన్లు ఇప్పుడు బాగానే వింటున్నాయి కదా, నంబరు గురించి ఇంత పట్టుదల ఎందుకు?

లెక్క చూడండి. ఇంజిన్ ప్రతి అంకెనూ నూటికి 99 సార్లు సరిగ్గా వింటుందనుకుందాం. వినడానికి చాలా గొప్ప సంఖ్య. కానీ పది అంకెల నంబరు మొత్తం సరిగ్గా రావాలంటే 0.99ను పదిసార్లు గుణించాలి, వచ్చేది సుమారు 0.904. అంటే పది నంబర్లలో దాదాపు ఒకటి తప్పు. మామూలు మాటల్లో ఇంతే తప్పు ఉంటే మనం గమనించను కూడా గమనించం, ఎందుకంటే పక్క మాటలు అర్థాన్ని నిలబెడతాయి. అంకెకు అలాంటి ఆసరా లేదు. ఏడు తర్వాత మూడు రావాలో ఎనిమిది రావాలో ఏ వ్యాకరణమూ చెప్పదు.

ఇంకో చిక్కు ఉంది. క్రెడిట్ కార్డు నంబరులో చివరి అంకె తనిఖీ అంకె. మిగతా అంకెల్లో ఒకటి మారితే లెక్క కుదరక తప్పు బయటపడుతుంది. ఫోను నంబరుకు అలాంటి తనిఖీ అంకె లేదు. ఒక అంకె రాలిపోతే పొడవు తగ్గుతుంది కాబట్టి పట్టుకోవచ్చు. ఒక అంకె స్థానంలో మరొకటి వస్తే మాత్రం అది కూడా చక్కటి నంబరే, కాకపోతే మరొకరిది. మన జాగ్రత్త అంతా ఈ రెండో రకం తప్పు కోసమే.

ఫోనులో అంకెలు ఎందుకు తారుమారవుతాయి?

పాత పద్ధతి టెలిఫోను మార్గం సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ధ్వనిని మాత్రమే మోస్తుంది. సెకనుకు 8000 నమూనాలు తీసుకునే జీ.711 పద్ధతి దీని కోసమే తయారైంది. స, ఫ వంటి ఊపిరి ధ్వనుల శక్తిలో చాలా భాగం ఈ పరిధికి పైనే ఉంటుంది, అది మార్గమధ్యంలోనే పోతుంది. ఇంగ్లీషులో అంకెలు చెప్పేటప్పుడు ‘ఫైవ్’, ‘నైన్’ రెండింటికీ నడుమ ఉన్న అచ్చు ఒకటే. మొదటి హల్లు మసకబారితే మిగిలేది ఆ ‘ఐ’ ధ్వని మాత్రమే. విమాన పైలట్లు రేడియోలో తొమ్మిదిని ‘నైనర్’ అని, ఐదును ‘ఫైఫ్’ అని పలకడం వెనుక ఉన్నది ఈ ఇబ్బందే.

దీనికి తోడు మనుషులు తమ నంబరును నోటికి అలవాటైన వేగంతో చెబుతారు. చివరి రెండు మూడు అంకెలకు వచ్చేసరికి ఊపిరి తగ్గి గొంతు దిగిపోతుంది. నా అనుభవంలో తప్పులు ఎక్కువగా దొరికేది ఆ తోకలోనే.

ఆడియోను ఇంజిన్‌కు ఇచ్చే ముందు ఏం చేయాలి?

చేయాల్సింది తక్కువ, చేయకూడనిది ఎక్కువ. మొదట అసలు రికార్డింగు ఏ రూపంలో నిల్వ అవుతోందో చూడండి. ఉదాహరణకు ఆస్టరిస్క్ ఎక్స్ఛేంజిలో `voicemail.conf` ఫైలులో `format=` అనే వరుస ఉంటుంది. అక్కడ మొదట రాసిన రూపమే ఈమెయిలుకు జతవుతుంది. చాలాచోట్ల అక్కడ `wav49` ఉంటుంది. పేరులో వేవ్ ఉన్నా లోపల ఉన్నది జీఎస్ఎమ్ కుదింపు, అది హల్లులను ఇంకా నలిపేస్తుంది. పెద్ద అక్షరాలతో `.WAV` అని ఫైలు కనిపిస్తే ఇదే అని గుర్తుపట్టవచ్చు. దాన్ని `format=wav` అని మార్చుకోండి. ఫైలు పెద్దదవుతుంది, కానీ ఒక నిమిషం సందేశం ఒక మెగాబైటు లోపే ఉంటుంది.

విస్పర్ వంటి ఇంజిన్లు సెకనుకు 16000 నమూనాల ఆడియోను ఆశిస్తాయి. మార్చడానికి ఒక్క ఆజ్ఞ చాలు:

```
ffmpeg -i msg0000.wav -ac 1 -ar 16000 out.wav
```

ఇది రూపాన్ని సరిపెడుతుందే తప్ప పోయిన ధ్వనిని వెనక్కి తేదు. ఇక రొద తగ్గించే ఫిల్టర్లను గట్టిగా వేయకండి. మనిషి చెవికి ఆడియో తేటగా అనిపించినా, అంకెల మొదట ఉండే పలుచని హల్లులు కూడా రొదతో పాటే తుడిచిపెట్టుకుపోతాయి.

ఫోను ఏ నంబరు నుంచి వచ్చిందో తెలుస్తూనే ఉంది కదా, మాటల్లోంచి వేరే ఏరడం ఎందుకు?

ఫోను వచ్చిన నంబరు, తిరిగి చేయాల్సిన నంబరు ఒకటే కానవసరం లేదు. ఆఫీసు నుంచి చేస్తే కనిపించేది స్విచ్‌బోర్డు నంబరు కావచ్చు. నంబరు కనిపించకుండా దాచుకున్నవారూ ఉంటారు. ‘మా అన్నయ్యకు చేయండి’ అని వేరే నంబరు చెప్పేవారూ ఉంటారు. అయినా ఆ సమాచారాన్ని పారేయకండి. పలికిన నంబరు, కనిపించిన నంబరు ఒకటే అయితే మీకు దొరికేది దాదాపు సంపూర్ణమైన రుజువు, ఇక ఎవరూ ఆడియో వినక్కరలేదు. ఒక్క అంకె తేడా ఉంటే అది కూడా మంచి ఆధారమే, ఇంజిన్ పొరబడిందని అనుమానించాలి. పూర్తిగా వేరైతే రెండింటినీ చీటీలో పెట్టాలి. ఆస్టరిస్క్‌లో ఈ వివరం ఆడియో పక్కనే ఉండే `msg0000.txt` ఫైలులో `callerid=` వరుసలో దొరుకుతుంది.

పలికిన అంకెలను నంబరుగా ఎలా కూర్చాలి?

ఇక్కడ తొందరపడకూడదు. ‘డబుల్ సెవెన్’ అంటే 77, ‘ట్రిపుల్ జీరో’ అంటే 000. ‘తొంభై ఎనిమిది’ అంటే 98, 908 కాదు. ఈ పట్టిక తయారు చేసుకోవడం ఒక పూట పని. ఒకే వాక్యంలో తెలుగు అంకెలు, ఇంగ్లీషు అంకెలు కలిసి వస్తాయి కాబట్టి రెండు పట్టికలూ కావాలి.

అసలు కష్టం మనిషి తనను తాను సరిదిద్దుకున్నప్పుడు మొదలవుతుంది. ‘త్రీ ఫోర్, కాదు కాదు, ఫోర్ త్రీ ఫైవ్’ అన్నప్పుడు అంకెలన్నీ వరుసగా అతికిస్తే నంబరు పొడవు మించిపోతుంది. అందుకని ‘కాదు’, ‘సారీ’, ‘ఆగండి’ వంటి మాటలను తీసేయకుండా గుర్తులుగా ఉంచండి. అలాంటి గుర్తు ముందున్న అంకెల గుంపును తీసేస్తే పొడవు సరిపోతుందా అని చూడండి. కొన్ని ఇంజిన్లు ఈ తడబాట్లను, మళ్లీ చెప్పిన మాటలను తామే చక్కబెట్టి నున్నటి వాక్యం ఇస్తాయి. చదవడానికి అది బాగుంటుంది, మనకు మాత్రం నష్టం. ఉన్నదున్నట్టు రాయమనే అమరిక ఉంటే దాన్నే ఎంచుకోండి.

కూర్చిన తర్వాత ఆ నంబరు ఆయా దేశపు నంబర్ల ప్రణాళికలో పడుతుందో లేదో చూడాలి. గూగుల్ విడుదల చేసిన `libphonenumber` లైబ్రరీ ఇందుకు బాగా పనికొస్తుంది. పైథాన్‌లో ఇలా:

```python
import phonenumbers as p
for m in p.PhoneNumberMatcher(text, "GB"):
    print(m.start, p.format_number(m.number, p.PhoneNumberFormat.E164))
```

ఇక్కడ `text` అంటే మాటలను అంకెలుగా మార్చిన ట్రాన్స్‌క్రిప్టు. వచ్చేది దేశం కోడ్‌తో మొదలయ్యే అంతర్జాతీయ రూపం, అందులో కోడ్‌తో కలిపి 15 అంకెలకు మించవు. ఒక హెచ్చరిక: లైబ్రరీ సరైన నంబరని ఒప్పుకుంటే దాని అర్థం అలాంటి నంబరు ఉండే వీలుందని మాత్రమే. అది వాడుకలో ఉందని గానీ, చెప్పిన మనిషిదని గానీ కాదు.

ఒక సందేశాన్ని మొదటి నుంచి చివరి దాకా చూపిస్తారా?

ఇది 41 సెకన్ల సందేశం. నంబర్లు నిజమైనవి కావు. బ్రిటన్ నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నాటకాలు, ధారావాహికల్లో వాడుకోవడానికి పక్కన పెట్టిన వరుసల్లోంచి తీసుకున్నాను. మీ పరీక్షలకు కూడా ఇలాంటి వరుసలే వాడండి, పొరపాటున ఎవరికీ ఫోను వెళ్లదు. కాకపోతే పై లైబ్రరీ ఈ వరుసలను సరైన నంబర్లుగా ఒప్పుకోకపోవచ్చు, అప్పుడు పొడవు మాత్రమే చూసుకోండి.

ట్రాన్స్‌క్రిప్టు ఇలా వచ్చింది: ‘నమస్కారమండీ, నేను లలితను. మీ దగ్గర మరమ్మతుకు ఇచ్చిన ప్రింటరు గురించి చేశాను. రసీదు నంబరు నాలుగు ఏడు రెండు సున్నా ఒకటి ఆరు. కొత్త రోలరు వేయడానికి ఒప్పుకుంటున్నాను, కానీ గురువారం పదకొండు లోపల కావాలి. ఈ ఫోనుకు కాకుండా నా సెల్లుకు చేయండి. జీరో డబుల్ సెవెన్ డబుల్ జీరో, నైన్ డబుల్ జీరో, త్రీ ఫోర్, కాదు కాదు, ఫోర్ త్రీ ఫైవ్. మళ్లీ చెబుతున్నాను, జీరో సెవెన్ సెవెన్ జీరో జీరో, నైన్ జీరో జీరో, ఫోర్ త్రీ నైన్.’

ఫోను వచ్చిన నంబరు 01632 960 118.

అంకెల గుంపులు మూడు దొరికాయి. మొదటిది 472016. దానికి ముందు ‘రసీదు’ అనే మాట ఉంది, పొడవు కూడా ఫోను నంబరుకు చాలదు. కాబట్టి అది ఫోను నంబరు కాదు, కానీ సారాంశంలో ఉండాలి. రెండో గుంపును ఉన్నదున్నట్టు అతికిస్తే 0770090034435, పదమూడు అంకెలు. ‘కాదు కాదు’ ముందున్న 34 తీసేస్తే 07700 900 435, పదకొండు అంకెలు, పొడవు సరిపోతుంది. మూడో గుంపు 07700 900 439, అదీ సరిపోతుంది.

ఆమె ఒకే నంబరును రెండుసార్లు చెప్పారు. మనకు వచ్చినవి రెండు నంబర్లు, తేడా చివరి అంకెలో: ఐదా, తొమ్మిదా? ఇందాక చెప్పుకున్న జంటే. ఫోను వచ్చిన నంబరు వేరు కాబట్టి అదీ తీర్పు చెప్పలేదు. రెండోసారి చెప్పింది సరైనదని నియమం పెట్టుకుని ముందుకు పోవాలని ఇక్కడే అనిపిస్తుంది. పోకండి. రెండోసారి మనిషి మరింత వేగంగా చెబుతారు. ఇక్కడ చేయగలిగిన నిజాయతీ గల పని ఒక్కటే, అనుమానాన్ని అనుమానంగానే చూపించడం. వెళ్లిన చీటీ ఇది:

> లలిత: ప్రింటరు, రసీదు 472016. కొత్త రోలరుకు ఒప్పుకున్నారు. గురువారం 11 లోపల కావాలి.
> ఫోను: 07700 900 435 లేదా 07700 900 439. వినండి 0:27–0:38
> వచ్చిన నంబరు: 01632 960 118 (దీనికి చేయవద్దన్నారు)

చీటీ అందుకున్న మనిషి మొత్తం 41 సెకన్లు వినలేదు. లింకు నొక్కి పదకొండు సెకన్లు విన్నారు, రెండుసార్లూ ఐదేనని తేలింది. రెండోసారి ‘ఫైవ్’ అనేటప్పుడు గొంతు దిగి మొదటి హల్లు వినిపించలేదు.

ఆ సమయపు గుర్తు పెట్టడానికి ఇంజిన్ ప్రతి మాటకూ ఇచ్చే సమయాలు కావాలి. విస్పర్‌లో `word_timestamps=True` అంటే అవి వస్తాయి, మాటమాటకూ ఒక నమ్మకపు విలువ కూడా వస్తుంది. ఆ విలువ తక్కువగా ఉంటే అనుమానించండి, ఎక్కువగా ఉంటే నిశ్చింతగా ఉండకండి. తప్పు అంకెను కూడా గట్టి నమ్మకంతో ఇవ్వడం నేను పలుమార్లు చూశాను.

సారాంశం రాసే భాషా మోడల్‌కే నంబరు కూడా తీయమంటే సరిపోదా?

నంబరును దాని చేత రాయించకండి. సారాంశం రాయడం అంటే మాటలను తిరగరాయడం. నంబరును తిరగరాయకూడదు, మోసుకురావాలి అంతే. పై సందేశాన్ని మోడల్‌కు ఇస్తే 435, 439లలో ఒకటి ఎంచుకుని ఏ సందేహమూ లేనట్టు వాక్యంలో పెట్టేస్తుంది, లేదా 34435లోంచి తనకు కుదిరినట్టు అంకెలు ఏరుకుంటుంది. చదివేవారికి అక్కడ గొడవ ఉందని కూడా తెలియదు.

నేను చేసేది ఇది. అంకెలను ముందే ఏరి, ట్రాన్స్‌క్రిప్టులో వాటి స్థానంలో `[NUM1]`, `[NUM2]` అని పెట్టి, అప్పుడు మోడల్‌కు ఇస్తాను. ఏ నంబరు ఎందుకోసమో చెప్పడం దాని పని, అది బాగానే చేస్తుంది: మొదటిది రసీదుది, రెండోది తిరిగి చేయాల్సినది అని. అంకెలను మాత్రం చివర్లో ప్రోగ్రామే తిరిగి నింపుతుంది. మోడల్ రాసిన దాంట్లో గుర్తుల బదులు అంకెలు కనబడితే ఆ సారాంశాన్ని తిరస్కరించి మళ్లీ రాయిస్తాను.

సారాంశం ఎంత ఉండాలి, ఎలా ఉండాలి?

ఎవరు, ఏ విషయం, మనం ఏం చేయాలి, ఎప్పటిలోగా. ఇవి చాలు. పై ఉదాహరణలో ‘పదకొండు’ అని మాత్రమే అన్నారు, ఉదయమా రాత్రా అనలేదు. మోడల్ ‘ఉదయం 11’ అని రాస్తే అది కలిపి రాసినట్టే. ‘లేని మాట చేర్చవద్దు, గురువారాన్ని తేదీగా మార్చవద్దు’ అని ఆదేశంలో స్పష్టంగా రాయండి.

సంక్షిప్త సందేశంగా పంపితే పొడవు గట్టి హద్దు. ఇంగ్లీషు అక్షరాల సందేశం ఒక్కోటి 160 అక్షరాలు పడుతుంది. ఒక్క తెలుగు అక్షరం చేరినా మొత్తం సందేశం 70కి పడిపోతుంది, ముక్కలుగా వెళితే ఒక్కో ముక్కకు 67. పైగా గుణింతాలు, పొల్లులు, ఒత్తులు విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘స్త్రీ’ మన కంటికి ఒక అక్షరం, లెక్కలో ఆరు. అందుకని నంబరును మొదటి వరుసలో పెట్టండి. చివరి ముక్క ఆలస్యమైనా, తెర మీద సగమే కనిపించినా నంబరు మాత్రం అందుతుంది.

ఏమీ మాట్లాడకుండా పెట్టేసిన ఫోనుకు కూడా వాక్యాలు వస్తున్నాయి. ఎందుకు?

నిశ్శబ్దాన్ని, రొదను ఇచ్చినప్పుడు విస్పర్ వంటి ఇంజిన్లు లేని వాక్యాలు పుట్టించడం తెలిసిన లోపమే. మాట ఉన్న భాగాలను ముందే గుర్తించే సాధనాన్ని (సిలెరో అలాంటిదే) నడిపి, మాట లేని ఫైళ్లను ఇంజిన్ దాకా పోనివ్వకండి. ‘సందేశం లేదు, ఫోను వచ్చిన నంబరు ఇది’ అని పంపితే చాలు.

బాగా పనిచేస్తోందో లేదో ఎలా కొలవాలి?

మాటల తప్పుల శాతం చూసి మోసపోకండి. వంద పాత సందేశాలు తీసుకుని, ఇద్దరు మనుషులు విడివిడిగా విని నంబర్లు రాయాలి. వాటితో పోల్చి మీ ఏర్పాటు ఇచ్చిన నంబర్లను మూడు కుప్పలు చేయండి: పూర్తిగా సరైనవి, అనుమానమని తానే చెప్పినవి, ధైర్యంగా తప్పు ఇచ్చినవి. ఒక అంకె తప్పినా అది తప్పే, పాక్షిక మార్కులు లేవు. తగ్గించాల్సింది మూడో కుప్పను. అందుకోసం రెండో కుప్ప పెరిగినా నాకు బాధ లేదు, ఒక మనిషి పది సెకన్లు వింటే అది తీరిపోతుంది.

మోసపు సందేశాల మాటేమిటి?

‘మీ ఖాతా ఆగిపోయింది, వెంటనే ఈ నంబరుకు చేయండి’ అనే సందేశం కూడా ఇదే దారిలో వస్తుంది. దాన్ని నీటుగా సారాంశం చేసి, నంబరును నొక్కితే మోగేలా పెడితే మోసగాడికి మనమే సాయపడినట్టు. డబ్బు, ఖాతా, తొందర కలిసి ఉన్న సందేశాల్లో, ముఖ్యంగా ఫోను వచ్చిన నంబరు దాచి ఉన్నప్పుడు, నంబరును మామూలు అక్షరాలుగానే ఉంచండి, లింకు చేయకండి.

ఆడియోను ఎంతకాలం ఉంచాలి?

తిరిగి ఫోను చేసి పని ముగిసేదాకా ఉంచాలి. అనుమానపు నంబరుకు అదొక్కటే సాక్ష్యం, కాబట్టి సారాంశం రాగానే తుడిచేయకండి. పని ముగిశాక మాత్రం అట్టిపెట్టుకోకండి. వాయిస్‌మెయిళ్లలో ఆరోగ్య విషయాలు, రహస్య సంకేతాలు కూడా చెప్పేస్తుంటారు. ఆడియోను బయటి సేవకు పంపుతున్నట్లయితే వారు దాన్ని ఎంతకాలం ఉంచుకుంటారో రాతపూర్వకంగా తెలుసుకోండి, మీకు వర్తించే చట్టాన్నీ చూసుకోండి.

సాఫ్ట్‌వేర్ మార్చకుండా తప్పులు తగ్గించే దారి ఉందా?

ఉంది, పలకరింపును మార్చండి. ‘సందేశం చెప్పండి’ అని వదిలేయకుండా ఇలా రికార్డు చేయండి: ‘ముందుగా మీ నంబరును ఒక్కో అంకె చొప్పున నెమ్మదిగా చెప్పండి. తర్వాత విషయం చెప్పండి. పెట్టేసే ముందు నంబరును మరొకసారి చెప్పండి.’ మొదట్లో చెప్పిన నంబరుకు ఊపిరి నిండుగా ఉంటుంది, చివర చెప్పినది దాన్ని పోల్చి చూడటానికి పనికొస్తుంది, రెండింటి మధ్య దూరం ఉంది కాబట్టి రొద వచ్చినా రెండూ ఒకేసారి చెడవు. అందరూ అలాగే చెప్పరు. చెప్పినవారి సందేశాల్లో మాత్రం ఇంజిన్ రెండుసార్లూ ఒకే అంకె దగ్గర ఒకే తప్పు చేయడం నాకు చాలా అరుదుగా ఎదురైంది.